నమూనా పరిమాణం: ఎంతమంది, ఎందుకు

ఉదయగిరి, వింజమూరు మండలాల్లో షుగర్ ఉన్నవారి ఇంటికి నెలకోసారి ఆరోగ్య కార్యకర్త వెళ్లి మాత్రలు, తిండి చూసుకుంటే ఆరు నెలల్లో హెచ్‌బీఏ1సీ తగ్గుతుందా అన్నది ఈ అధ్యయనం తేల్చాల్సిన ప్రశ్న. రెండు గుంపులు, సమాన సంఖ్యలో.

గుంపుల మధ్య 0.5 శాతం పాయింట్ల తేడా వస్తుందని అంచనా. ఇంతకంటే పెద్ద తేడా అనుకుంటే తక్కువమంది సరిపోతారు, కానీ నెలకో సందర్శనతో అంత మార్పు ఆశించడం నిజాయితీ కాదు. అంతకంటే చిన్నదైతే వైద్యంలో పెద్దగా అక్కరకు రాదు. మా క్లినిక్ రిజిస్టరులోని 60 మంది ఫలితాల్లో ప్రామాణిక విచలనం 1.4. రెండు వైపుల పరీక్షకు ఆల్ఫా 0.05, పవర్ 80 శాతం.

```
n = 2 × (1.96 + 0.84)² × 1.4² / 0.5² = 122.9
```

అంటే గుంపుకు 123 మంది.

ఇక మధ్యలో తప్పుకునేవారు. ఇది మెట్ట ప్రాంతం. వాన లేని ఏడాదిలో కుటుంబాలు పనులకు బెంగళూరు, హైదరాబాద్ వెళ్లిపోతాయి. ఫోన్ చేస్తే "సంక్రాంతికి వస్తాం సార్" అంటారు. అందుకే 10 శాతం కాదు, 20 శాతం తీసుకున్నాం. 123ను 1.2తో హెచ్చిస్తే 148 వస్తుంది, అందులో 20 శాతం పోతే మిగిలేది 118 మందే, చాలదు. 0.8తో భాగించాలి: 153.75, అంటే 154. మొత్తం 308 మంది.

నెలకు 40 మంది అర్హులు క్లినిక్‌కు వస్తున్నారు. అందరూ ఒప్పుకోరు కాబట్టి చేర్చుకోవడానికి పన్నెండు నెలలు అడుగుతున్నాం.