డ్రమ్ సీడర్ వరి ప్రదర్శన మడి: చేవెళ్ల వైపు ఏఈఓలకు యాసంగి ప్రణాళిక

రాజేంద్రనగర్, హైదరాబాద్

ఈ యాసంగిలో మనం చూపించబోయేది ఒక్కటే: నాటు వేయకుండా డ్రమ్ సీడర్‌తో విత్తినా దిగుబడి తగ్గదు, నాటు కూలీ మిగులుతుంది. కొత్త వంగడం, కొత్త మందు దీంతో కలపొద్దు. కలిపితే లాభం దేనివల్ల వచ్చిందని రైతు అడిగినప్పుడు మన దగ్గర జవాబుండదు.

పొలం ఊళ్లోకి వెళ్లే దారి పక్కనే ఉండాలి. చదునుగా ఉండి, నీళ్లు తీసేయడానికి వీలుండాలి. చౌడు, చెరువు ఊట నేలలు వద్దు. అలాగని ఊళ్లోకెల్లా మంచి నేలా తీసుకోవద్దు, "ఆయన భూమి బంగారం, అక్కడ ఏదైనా పండుతుంది" అనేస్తారు. రెండు మూడెకరాలుండి, పదిమంది వచ్చి సలహా అడిగే రైతును ఎంచుకోండి. ఇన్‌పుట్లు ఉచితమని ఆశ పెట్టొద్దు. విత్తనం ఆయనే కొనాలి, సీడర్ మాత్రం మనం ఇస్తాం.

అసలు నమ్మకం పోలిక మడి మీదే ఆధారపడి ఉంటుంది. ఎకరం మడిని వాలు వెంట నిలువుగా రెండు అరెకరాలు చేసి, మధ్యలో గట్టు వేయండి. రెండు ముక్కలూ దారికి కనబడాలి. ఎం.టి.యు. 1010, ఒకే సంచి విత్తనం, ఒకే మోతాదు ఎరువు. డిసెంబరు 18న ఒక పక్క నారు పోయండి, అదే రోజు రెండో పక్క సీడర్ లాగండి. నాటు మడికి ఎకరాకు 20 నుంచి 25 కిలోలు, సీడర్‌కు 10 నుంచి 12 కిలోలు చాలు. గింజ ముక్కు పగిలి తెల్లగా కనిపిస్తే సరిపోతుంది, మొలక పొడవైతే రంధ్రాల్లోంచి రాలదు. విత్తేటప్పుడు మడిలో నీళ్లు నిలవకూడదు, బురద మాత్రమే ఉండాలి.

నాటు మడిని మన మడి కంటే తక్కువగా చూడొద్దు. అక్కడ కలుపు ఆలస్యంగా తీయించి గెలిస్తే అది మోసమే. కూలీలు, డీజిల్, కలుపు ఖర్చు రెండింటికీ విడివిడిగా, రైతు పుస్తకంలోనే రాయించండి. సీడర్ మడిలో కలుపు ఎక్కువ వస్తుంది, అదీ దాచకుండా రాయాలి.

సీడర్ పంట వారం పది రోజులు ముందే కోతకొస్తుంది కాబట్టి క్షేత్ర దినోత్సవం ఏప్రిల్ 16న, ఉదయం 7 గంటలకు. ఎండ ముదరకముందే ముగించాలి. షామియానా గట్టు పక్కన చాలు, వేదిక, శాలువాలు వద్దు. మొదట రైతును, తర్వాత కూలీకి వచ్చిన ఆడవాళ్లను మాట్లాడనివ్వండి. మనం చివర్లో ప్రశ్నలకు జవాబులిద్దాం.

ఆ రోజు సీడర్ మడిలో వచ్చినవాళ్లే చోటు చూపాలి. అక్కడ 5×5 మీటర్లు కోసి, నూర్చి, వాళ్ల కళ్లముందే తూకం వేద్దాం. ఆ బరువును 162తో గుణిస్తే ఎకరా దిగుబడి. నాటు మడి పండాక ఇదే పద్ధతిలో, అదే రైతులను పిలిచి కోయాలి. రెండు చోట్లా తేమ చూసి, లెక్కను ఒకే తేమకు తెచ్చాకే పంచాయతీ బోర్డు మీద రాయండి. వడగండ్లు పడితే రెండు మడుల్లో ఎంత రాలిందో అదే వారం చూపిద్దాం.

తేమ మీటరు, తూకం కాటా నేను తెస్తాను. పొలం ఖరారు చేసి, రెండు ముక్కల మట్టి నమూనాలు డిసెంబరు 5లోగా పంపండి.