డెలివరీ ట్రాకింగ్ యాప్: ప్రాజెక్ట్ బడ్జెట్ (ఆమోదం కోసం)

మొత్తం రూ. 31,68,000. పన్ను అదనం. ఇందులో రూ. 4,11,000 మార్పుల కోసం పక్కన పెట్టిన సొమ్ము. అది వాడకపోతే బిల్లు వేయం.

స్ప్రింట్ల లెక్క

బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో ఉన్న పని 186 పాయింట్లు. పాయింటు అంటే పని ఎంత పెద్దదో టీమ్ వేసుకునే అంచనా కొలత. ఇదే టీమ్ పాత ప్రాజెక్టులో చివరి నాలుగు స్ప్రింట్లలో 22, 27, 29, 26 పాయింట్లు పూర్తి చేసింది. అంటే సగటున 26. మొదటి స్ప్రింట్ సగం సర్వర్ల సెటప్‌కే పోతుంది కాబట్టి దానికి 14 మాత్రమే వేశాను. మిగతా ఏడు స్ప్రింట్లతో కలిపి 196 వస్తాయి, అంటే 10 పాయింట్లు మిగులు. రెండు వారాలకో స్ప్రింట్ చొప్పున ఎనిమిది, అంటే పదహారు వారాలు.

ఎక్కువ వాదన జరిగింది ఆఫ్‌లైన్ మోడ్ మీద. సిగ్నల్ లేని చోట డెలివరీ నమోదు చేసి, తర్వాత సర్వర్‌కి పంపాలి. ఒకరు 5 పాయింట్లు అన్నారు, ఇంకొకరు 20 అన్నారు. అడిగితే తేలిందేమిటంటే, మొదటివారు ఫోన్‌లో సేవ్ చేయడం వరకే లెక్కేశారు. ఒకే ఆర్డర్‌ని ఇద్దరు మార్చితే ఏది నిలవాలన్నది రెండోవారి అనుమానం. ఆ పనిని మూడు ముక్కలు చేసి 5, 8, 8 వేశాం. ఆ 21 పాయింట్లు 186లో ఉన్నాయి.

ఖర్చులు

| పద్దు | లెక్క | రూ. |
|---|---|---|
| బ్యాకెండ్ డెవలపర్లు ఇద్దరు | 1,40,000 × 8 | 11,20,000 |
| మొబైల్ డెవలపర్ | 65,000 × 8 | 5,20,000 |
| టెస్టర్ | 45,000 × 8 | 3,60,000 |
| ప్రాజెక్ట్ లీడ్, సగం సమయం | 50,000 × 8 | 4,00,000 |
| డిజైనర్, మొదటి 4 స్ప్రింట్లు | 30,000 × 4 | 1,20,000 |
| క్లౌడ్ | కింద చూడండి | 1,65,000 |
| లైసెన్సులు | కింద చూడండి | 72,000 |
| మార్పుల బఫర్ | కింద చూడండి | 4,11,000 |

క్లౌడ్‌లో డెవలప్‌మెంట్, టెస్ట్ సర్వర్లకు నెలకు 18,000 చొప్పున నాలుగు నెలలకు 72,000. లోడ్ టెస్ట్‌కి 38,000, లాంచ్ నెలలో ప్రొడక్షన్‌కి 55,000. టెస్ట్ సర్వర్లు పని రోజుల్లో 12 గంటలే నడుస్తాయని ఈ అంకె వేశాను. రాత్రి ఆపడం మరిచిపోతే బిల్లు పెరుగుతుంది, అందుకే ఆ పని షెడ్యూల్‌కి అప్పగించాం.

లైసెన్సుల్లో కోడ్ రిపోజిటరీ, టాస్క్ ట్రాకర్‌కి కలిపి 28,800, డిజైన్ టూల్‌కి 6,000, రకరకాల ఫోన్లపై టెస్ట్ చేసే సర్వీస్‌కి రెండు నెలలకు 24,200. గూగుల్ ప్లేకి ఒకసారి కట్టే 25 డాలర్లు, యాపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు, మారకం తేడాతో కలిపి 13,000.

బఫర్

టీమ్ ఖర్చుపై 15 శాతం 3,78,000, క్లౌడ్‌పై 20 శాతం 33,000. లైసెన్సులకు బఫర్ వేయలేదు, వాటి ధరలు ముందే తెలుసు. టీమ్ బఫర్ అంటే దాదాపు ఒక స్ప్రింట్, పైన కొద్దిగా. ఇది మా అంచనా తప్పితే పూడ్చుకోవడానికి కాదు, మీరు అడిగే మార్పులకే. మా తప్పుని ఆ 10 పాయింట్ల మిగులులోనే సర్దుకోవాలి.

కొత్త పనికి పాయింటుకు రూ. 11,500. 3 పాయింట్ల లోపు మార్పును లీడ్ ఒప్పుకోవచ్చు, అంతకు మించితే మీ రాతపూర్వక అనుమతి కావాలి. ప్రతి స్ప్రింట్ రివ్యూలో బఫర్‌లో ఎంత మిగిలిందో చూపిస్తాం. లాంచ్ తర్వాతి మెయింటెనెన్స్ ఈ బడ్జెట్‌లో లేదు.