కుట్టు బైండింగ్ నోట్‌బుక్‌లు: నమూనాలు, ట్రయల్ ఆర్డరు గురించి

హోల్‌సేల్ కొనుగోళ్లు చూసే మేనేజరు గారికి,

నమస్కారమండీ.

నాలుగేళ్లుగా మా షాపు నుంచి మీరు ఫైళ్లు, కవర్లు టోకున తీసుకెళ్తున్నారు. ఈ ఉత్తరం వాటి గురించి కాదు, మేము కొత్తగా సొంతంగా తయారు చేయిస్తున్న నోట్‌బుక్‌ల గురించి. ఉత్తరంతో పాటే పార్సిల్‌లో 12 నమూనాలు పంపుతున్నాను. రాసి చూడండి, లాగి చూడండి, కావాలంటే కోసి చూడండి. నచ్చితే 20 డజన్లతో 8 వారాలు ట్రయల్ వేయమని అడుగుతున్నాను. ట్రయల్‌లో అమ్ముడుపోయిన వాటికే మీరు డబ్బిస్తారు. మిగిలింది మా సరుకే, మేమే వెనక్కి తీసుకుంటాం.

పోయిన ఏడాది మీకు కవర్ల లోడు పంపినప్పుడు ఫోన్‌లో మీరొక మాటన్నారు: నోట్‌బుక్‌లు అమ్మడం కష్టం కాదు, కాగితాలు ఊడాయని షాపులవాళ్లు వాపసు పంపితే ఆ లెక్కలు తేల్చుకోవడమే కష్టం అని. మా కౌంటరు దగ్గరా అదే బాధ. ఒకసారి పరీక్షకు చదువుకుంటున్న ఒక నర్సు తన నోట్‌బుక్‌ను రబ్బరు బ్యాండు వేసి పట్టుకొచ్చింది. బ్యాండు తీయగానే మధ్యలోని నలభై కాగితాలు బల్ల మీద జారిపోయాయి. డబ్బు వాపసిస్తానన్నాను. "పుస్తకం సంగతి కాదండీ, వీటిలో ఏది ముందో ఏది వెనకో నాకే తెలియడం లేదు" అంది. ఆ రోజు ఆవిడకు ఏం చెప్పాలో తోచలేదు. అంతకుముందు కూడా వాపసులు వచ్చేవి, మార్చి ఇచ్చి మరిచిపోయేవాణ్ని. ఆ సాయంత్రం మాత్రం మా షాపులో ఉన్న నోట్‌బుక్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా మధ్యకు విరిచి చూశాను.

మీకు తెలియనిది కాదు, జిగురు బైండింగ్‌లో కాగితాల వెనక అంచును కోసేసి జిగురు పూస్తారు. అంటే ప్రతి కాగితం విడిగా ఆ సన్నని జిగురు పొరను పట్టుకుని వేలాడుతుంటుంది. పుస్తకం పూర్తిగా తెరుచుకోవాలని రాసేవాళ్లు మధ్యలో అరచేత్తో నొక్కుతారు. అక్కడే జిగురు పగులుతుంది, ఆ తర్వాత కాగితాలు ఒక్కొక్కటిగా ఊడతాయి. మేము చేయిస్తున్నది కుట్టు బైండింగ్. నాలుగేసి షీట్లను మధ్యకు మడిచి 16 పేజీల ఫారం చేస్తాం. మడత మీదుగా దారంతో కుట్టి, ఫారాలన్నిటినీ ఒకదానికొకటి ముడివేస్తాం. 12 ఫారాలు, 192 పేజీలు. జిగురు కూడా వాడతాం, కానీ అది వీపును గట్టిగా ఉంచడానికి. కాగితాన్ని పట్టి ఉంచేది దారం. అందుకే ఏ పేజీ దగ్గర తెరిచినా బల్ల మీద పరుచుకుని ఉంటుంది, ఎడమ చేత్తో నొక్కి పట్టుకోనక్కర్లేదు.

పార్సిల్‌లో నాలుగు రకాలున్నాయి, ఒక్కో రకానికి మూడు చొప్పున. గీతలున్న ఎ5, 80 జీఎస్ఎం. గీతల్లేని తెల్ల ఎ5, 100 జీఎస్ఎం. 5 మిల్లీమీటర్ల దూరంలో చుక్కలున్న ఎ5, అదీ 100 జీఎస్ఎమ్మే. జేబులో పట్టే గీతల ఎ6, 80 జీఎస్ఎం. ప్రతి రకంలోనూ ఒకటి మీరు కోసి చూడటానికి, ఒకటి రాసి చూడటానికి, ఒకటి మీ దగ్గర కొనే షాపులవాళ్లకు చూపించడానికి. వీటికి బిల్లు లేదు, వాపసు పంపనక్కర్లేదు.

రాసి చూసేటప్పుడు మీ దగ్గరున్న పెన్నులన్నీ వాడండి. బాల్ పెన్నుతో ఏ కాగితమైనా బాగానే కనిపిస్తుంది. జెల్ పెన్నుతో ఒక వరస రాసి, నెమ్మదిగా పది లెక్కపెట్టి చేత్తో తుడిచి చూడండి. ఇంకు పెన్నుతో రాసి, అక్షరం అంచుల్లో ఇంకు పీచులా పాకిందేమో చూడండి. ఒక్క విషయం ముందే చెప్తున్నాను: 80 జీఎస్ఎం కాగితం మీద లావు పాళీ ఉన్న ఇంకు పెన్నుతో రాస్తే వెనక పేజీలో అక్షరాల నీడ కనిపిస్తుంది. ఇంకు అవతలికి దిగదు, కానీ నీడ ఉంటుంది. ఇంకు పెన్నులు వాడేవాళ్లకు 100 జీఎస్ఎం రకమే చూపించమని మీ షాపులవాళ్లకు చెప్పండి.

పార్సిల్‌లో పదమూడో పుస్తకం కూడా ఉంటుంది, అట్ట మీద ఎర్ర స్టిక్కరు అంటించాను. అది అమ్మకానికి కాదు. మా మొదటి బ్యాచ్‌లో పాడైపోయిన 150లో ఒకటి. దాన్ని బల్ల మీద పెట్టి చూడండి, అట్ట పడవలా వంగి ఉంటుంది. కాగితానికైనా అట్టకైనా పీచు ఒక వాటంగా ఉంటుంది. తడి తగిలితే ఆ వాటానికి అడ్డంగానే ఎక్కువ ఉబ్బుతుంది. అందుకే అట్ట పీచు పుస్తకం వీపుకు సమాంతరంగా ఉండాలి. మొదటిసారి ముక్కలు తక్కువ వృథా అవుతాయని అట్టను అడ్డంగా కోయించాం. జిగురు తడి ఆరాక మూడు రోజులకల్లా 150 పుస్తకాలూ వంగిపోయాయి. బరువు పెట్టి వారం ఉంచినా సరికాలేదు. బైండింగ్ చేసేవాళ్ల తప్పేమీ లేదు, కోతకు కొలతలు ఇచ్చింది నేనే. ఇప్పుడు ప్రతి అట్ట షీటునూ కోసే ముందు రెండు వైపులా వంచి చూస్తాం. తేలిగ్గా వంగిన వైపును బట్టి వాటం గుర్తుపెట్టి, పెన్సిల్‌తో బాణం గీస్తాం. పూర్తయిన పుస్తకాలను రెండు రోజులు బరువు కింద ఉంచి, ఆ తర్వాతే ప్యాక్ చేస్తాం. మంచి పుస్తకాన్నీ, ఆ ఎర్ర స్టిక్కరు దాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక ట్రయల్ షరతులు. 20 డజన్లంటే 240 పుస్తకాలు. ఏ రకం ఎన్ని డజన్లో మీరే చెప్పండి. నన్నడిగితే గీతల ఎ5 రకం 8 డజన్లు, మిగతా మూడు రకాలూ నాలుగేసి డజన్లు తీసుకోమంటాను. ఎందుకంటే మా కౌంటరులో ఎక్కువగా కదిలేది గీతల రకమే. ఎ5 రకాలు కార్టన్‌కు 4 డజన్ల చొప్పున వస్తాయి, ఒక్కో కార్టన్‌ను ఒక మనిషి మోయగలడు. అడ్వాన్సు అక్కర్లేదు. రవాణా ఖర్చు రానూపోనూ మాదే. సరుకు మీ గోడౌనులో దిగిన రోజు నుంచి 8 వారాలు లెక్క. నాలుగో వారం చివర ఒకసారి, ఎనిమిదో వారం చివర ఒకసారి ఎన్ని అమ్ముడయ్యాయో చెప్పండి, వాటికే బిల్లు పంపుతాను. బిల్లు అందిన 15 రోజుల్లో డబ్బు పంపితే చాలు. షాపుల్లో జనం చేతులు పడి అట్టలు మాసిన పుస్తకాలు ఒక డజను దాకా ఉంటే ఆ నష్టం మాదే. అంతకు మించితే చెరిసగం పంచుకుందాం. కుట్టు ఊడినా, ఫారాలు ముందూవెనకలైనా, అట్ట వంగినా కొన్న ఏడాదిలోపు ఎప్పుడు పంపినా కొత్తది ఇస్తాం. వాడేసిన పుస్తకమైనా సరే. ఊడిన చోటును ఫోటో తీసి పంపండి, పుస్తకం వెనక్కి పంపే శ్రమ కూడా అక్కర్లేదు.

రేట్ల పట్టిక విడిగా జత చేశాను. మీరు ఇప్పుడు తీసుకునే జిగురు బైండింగ్ నోట్‌బుక్‌ల కన్నా మావి ఎక్కువే పడతాయి. కుట్టు పనికి మనుషుల సమయం పడుతుంది, దాన్ని తగ్గించే దారి నాకు కనిపించలేదు. దారం తగ్గించడమో, ఫారం కుట్లు తగ్గించడమో చేస్తే రేటు దిగుతుంది, కానీ అప్పుడు ఈ పుస్తకం చేయించడంలో అర్థం లేదు. ట్రయల్ మొదలైన రోజు నుంచి 6 నెలలు ఆ రేట్లు మారవు. కాగితం ధర పెరిగినా ఆ 6 నెలలూ భారం మాదే.

ఎంత సరుకు ఇవ్వగలమో కూడా ముందే తెలియాలి మీకు. ప్రస్తుతం ఇద్దరు కుడుతున్నారు, రోజుకు 60 పుస్తకాలు వస్తాయి. ట్రయల్ సరుకు నాలుగు రోజుల పని, ప్యాకింగ్‌తో కలిపి మీరు ఊ అన్న పది రోజుల్లో పంపుతాను. ఆ తర్వాత మామూలు ఆర్డర్లలో 25 డజన్ల నుంచి తీసుకోవచ్చు, 30 రోజుల క్రెడిట్ ఉంటుంది. కానీ ఒకేసారి 100 డజన్లు కావాలంటే నాలుగు వారాల ముందు చెప్పాలి. స్కూళ్లు తెరిచే సీజన్‌కు పెద్ద ఆర్డరు పెట్టాలని మీకు అనిపిస్తే మూడోవాళ్లను పనిలో పెట్టుకుంటాను. వాళ్లకు చేయి తిరగడానికి నెల పడుతుంది కాబట్టి ఆ మాట కాస్త ముందుగా చెప్పండి.

ట్రయల్ ముగిసేదాకా ఈ నోట్‌బుక్‌లను ఇంకే హోల్‌సేల్ వ్యాపారికీ ఇవ్వను. మా షాపు కౌంటరులో మాత్రం అమ్ముతాను, అదీ పట్టికలో రాసిన చిల్లర ధర కన్నా తగ్గించకుండా.

మీ వైపు నుంచి అడిగేవి రెండే. ప్రతి షాపులో ఒక పుస్తకం ప్లాస్టిక్ కవరు తీసేసి, జనం తెరిచి చూసేలా పెట్టించండి. కవరులో ఉంటే ఇదీ మిగతా నోట్‌బుక్‌లలాగే కనిపిస్తుంది, తెరిస్తేనే తేడా తెలుస్తుంది. రెండోది, ఈ 8 వారాలూ డిస్కౌంట్ పెట్టించకండి. తగ్గింపు మీద అమ్ముడైతే పుస్తకం నచ్చి కొన్నారో, రేటు చూసి కొన్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

పార్సిల్ మూడు రోజుల్లో అందుతుంది. వచ్చే వారం, గురువారం ఉదయం మీ గోడౌనులో లోడింగ్ హడావుడి తగ్గాక, పదకొండు ప్రాంతంలో ఫోన్ చేస్తాను. ఆలోపు కోయడానికి ఉద్దేశించిన పుస్తకాన్ని ఒకసారి మధ్యలో తెరిచి, ఒక్క కాగితం పట్టుకుని పుస్తకం మొత్తాన్ని పైకెత్తి చూడండి. కాగితం చిరిగితే చిరగనివ్వండి. కుట్టు దగ్గర ఊడి వస్తే మాత్రం ట్రయల్ సంగతి పక్కన పెట్టి ఆ విషయమే ముందు నాకు చెప్పండి.

ఇట్లు,
మీకు ఫైళ్లు, కవర్లు పంపే స్టేషనరీ షాపు యజమాని

జత: రేట్ల పట్టిక, ట్రయల్ ఆర్డరు కాగితం, 12 నమూనాలు, ఎర్ర స్టిక్కరు ఉన్న పుస్తకం ఒకటి