యూనిట్ పరీక్ష 14వ ప్రశ్న జవాబును మరోసారి చూడమని విన్నపం

గౌరవనీయులైన గణితం మాస్టారు గారికి నమస్కారములు.

నేను పదవ తరగతి బి సెక్షన్, రోల్ నంబరు 23 విద్యార్థినిని. నిన్న మీరిచ్చిన యూనిట్ పరీక్ష పేపరులో, సముద్రపు ఒడ్డున ఉన్న దీపస్తంభం ఎత్తు కనుక్కోమన్న 14వ ప్రశ్నకు నాలుగు మార్కులకు గాను, పటానికి మాత్రం ఒక మార్కు వచ్చింది. చివరి జవాబు పక్కన తప్పు గుర్తు ఉంది. రాత్రి ఇంట్లో మళ్లీ చేసి చూశాక నా జవాబు సరైనదేనని అనిపించింది కనుక, మీకు వీలు చూసుకొని ఒకసారి పరిశీలించమని కోరుతున్నాను.

స్తంభం ఎత్తు h అనీ, దగ్గరి బిందువు నుంచి పాదానికి దూరం x అనీ తీసుకున్నాను. ఆ బిందువు వద్ద ఊర్ధ్వకోణం 45° కాబట్టి h = x అవుతుంది. అదే సరళరేఖపై 40 మీటర్లు వెనక్కి వెళితే కోణం 30° కాబట్టి h/(x + 40) = 1/√3 అవుతుంది. x స్థానంలో h రాస్తే √3h = h + 40 వస్తుంది, దాని నుంచి

h = 40/(√3 − 1)

అని రాసి అక్కడ ఆపేశాను. బోర్డు మీద మీరు రాసిన జవాబు 20(√3 + 1). ఈ రెండూ ఒకటేనా అని చూడడానికి మీ జవాబును నా హారంతో గుణించాను:

20(√3 + 1)(√3 − 1) = 20(3 − 1) = 40

గుణిస్తే 40 వచ్చింది కాబట్టి, 40ని (√3 − 1)తో భాగిస్తే 20(√3 + 1) రావలసిందే. √3 = 1.732 అనుకొని లెక్కించినా రెండూ సుమారు 54.64 మీటర్లే అవుతున్నాయి. ఆ విలువతో మళ్లీ ప్రశ్నలోకి వెళ్లి 54.64ను 94.64తో భాగిస్తే 0.577 వచ్చింది, అది tan 30° విలువే. దీనితో నా సందేహం పూర్తిగా తీరింది.

హారాన్ని అకరణీయం చేయాలని మీరు తరగతిలో ఎన్నోసార్లు చెప్పారు. తొందరలో నేను ఆ మెట్టు వదిలేశాను, పైగా చివరి వరుసలో 'మీటర్లు' అని కూడా రాయలేదు. వాటికి మీరు ఎంత తగ్గించినా అది న్యాయమే, దాని గురించి నేను అడగడం లేదు. 9వ ప్రశ్నలో పోయిన రెండు మార్కులు కూడా నా తప్పు వల్లే పోయాయి. ఈ ఒక్క లెక్కలో సాధన దారి, విలువ రెండూ సరిగానే ఉన్నాయేమో చూడమన్నదే నా విన్నపం. నేను పొరబడిన చోటు ఏదైనా ఉంటే దయచేసి చూపించండి, సరిదిద్దుకుంటాను.

పేపరు మీద నేను ఏమీ దిద్దలేదు, కొత్త లెక్కంతా వేరే కాగితం మీదే చేశాను. సోమవారం మధ్యాహ్న భోజన విరామంలో రెండూ తీసుకొని స్టాఫ్ రూం దగ్గరకు వస్తాను. అప్పుడు మీకు వీలు కాకపోతే, మీరు చెప్పిన సమయానికే వస్తాను మాస్టారూ.

ఇట్లు
మీ విధేయురాలైన విద్యార్థిని,
పదవ తరగతి బి సెక్షన్, రోల్ నంబరు 23,
కావలి, నెల్లూరు జిల్లా