నెట్ వైర్ల గురించి కమిటీకి విన్నపం

కార్యదర్శి గారికి, కమిటీ సభ్యులకు నమస్కారం. 304 నుంచి రాస్తున్నాను.

మొన్న మంగళవారం గాలివానకు టెర్రస్ మీద వైరు తెగి మా అంతస్తులో మూడిళ్లకు నెట్ పోయింది. పొద్దున వచ్చిన కుర్రాడు ఏ వైరు ఎవరిదో తెలియక, బాగున్న 202 వాళ్ల కనెక్షన్ కూడా పీకేశాడు. వాళ్ల అబ్బాయికి ఆ రోజే ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. పాపం, మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో ఇచ్చాడు.

ఒకసారి మెట్ల కిటికీ దగ్గర చూడండి. పాతవీ కొత్తవీ కలిపి పదకొండు వైర్లు ఒకే చుట్టలో ఉన్నాయి. మాదైతే ట్యాంకు పైపుకు మడిచి కట్టారు. ఫైబర్ లోపల ఉండేది గాజు పోగు. గట్టిగా వంచితే వెలుతురు బయటికి జారి సిగ్నల్ పడిపోతుంది. ఇది తెలియక నేను రౌటర్ మార్చి రెండు వేలు పోగొట్టుకున్నాను.

లిఫ్ట్ పక్క షాఫ్ట్‌లో కరెంటు వైర్లకు దూరంగా వేరే పీవీసీ పైపు, అంతస్తుకో బాక్సు, మీటర్ల దగ్గర తాళమున్న పెట్టె పెట్టిద్దాం. ప్రతి వైరుకూ ఫ్లాట్ నంబరు ఉండాలి. కేబుల్ టీవీ వైర్లూ అందులోనే పోవచ్చు. ఒక్క కంపెనీకే రాసివ్వొద్దు, ఎవరొచ్చినా ఆ పైపులోనే లాగాలి.

మన ఎలక్ట్రీషియన్ 18,000 అవుతుందన్నాడు. 20 ఫ్లాట్లకు తలా 900. అద్దెకున్నవాళ్ల వాటా ఓనర్లు ఇస్తే న్యాయం.

ఆదివారం మీటింగ్‌లో ఈ విషయం పెట్టండి. వైర్ల ఫొటోలు నేను తెస్తాను.

ఇట్లు,
ఫ్లాట్ 304, అనంతపురం