పిన్నీ, థైరాయిడ్ మాత్ర సంగతి

పిన్నీ, ఫార్మసిస్ట్ గారు ఇంగ్లీషులో గబగబా చెప్పినవన్నీ మన మాటల్లో పెడుతున్నా, బాబాయికి కూడా చదివి వినిపించు.

నీ థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములది, పొద్దున లేవగానే పరగడుపున మంచినీళ్ళతోనే వేసుకోవాలి, కాఫీతో కాదు. నీకు కాఫీ పడందే కళ్ళు తెరుచుకోవని తెలుసు కానీ అరగంట, వీలైతే గంట ఆగు, ఆ తర్వాతే కాఫీ అయినా ఇడ్లీ అయినా. కాఫీ, తిండి కడుపులో ఉంటే మందు ఒంటికి సరిగ్గా పట్టదంట.

ఇంకోటి, అసలు ముఖ్యమైంది ఇదే. మోకాళ్ళకని వేసుకుంటున్న కాల్షియం బిళ్ళ, రక్తానికిచ్చిన ఐరన్ బిళ్ళ దీంతో కలిపి వేసుకోకు, కనీసం 4 గంటలు తేడా ఉండాలి. మధ్యాహ్నం భోజనం అయ్యాక వేసుకుంటే గొడవే ఉండదు. గ్యాస్ మందు తాగినా అంతే గ్యాప్.

ఒకరోజు మర్చిపోయావనుకో, ఆ రోజే గుర్తొస్తే వేసేసుకో, మర్నాడు గుర్తొస్తే పోయింది పోయిందే, ఒకటే వేసుకో, రెండు కలిపి మాత్రం వద్దు. బాగానే ఉంది కదా అని నీ అంతట నువ్వు మానెయ్యకు.

సీసా పొయ్యి పక్కన పోపుల డబ్బా దగ్గర పెట్టావు చూడు, అక్కణ్ణుంచి తీసెయ్, వేడికి, తేమకి పాడైపోతాయి. ఫ్రిజ్ అక్కర్లేదు, బెడ్రూమ్ బీరువాలో మూత గట్టిగా బిగించి పెట్టు, బుజ్జిగాడికి అందకుండా పై అరలో.