పది వేలు పదేళ్లలో ఎంతవుతుంది? చక్రవడ్డీ అసలు లెక్క

(తెర మీద: రూ. 10,000 – ఏడాదికి 7 శాతం – 10 ఏళ్లు)

పర్లాకిమిడిలో జీడిపిక్కలు అమ్మగా ఖర్చులు పోను పది వేలు మిగిలాయనుకోండి. పదేళ్లు బ్యాంకులో ఉంచితే ఎంతవుతుంది? ఏడు శాతం అన్నది లెక్క కోసం తీసుకున్న రేటు మాత్రమే. మీ బ్యాంకు ఇచ్చేది ఇంతకంటే తక్కువే కావచ్చు, వేసే రోజున అడగండి.

బారువడ్డీ అయితే ఏడాదికి 700, పదేళ్లకు 7,000. మొత్తం 17,000.

చక్రవడ్డీలో కూడా మొదటి ఏడాది 700 రూపాయలే. రెండో ఏడాది వడ్డీ కట్టేది 10,700 మీద, కాబట్టి 749 వస్తుంది. ఆ ఎక్కువ వచ్చిన 49 రూపాయలు వడ్డీ మీద పుట్టిన వడ్డీ. మూడో ఏడాది 801. అలా పెరిగి పదో ఏడాది ఒక్కదానికే 1,287.

(తెర మీద: బారువడ్డీ 17,000 / చక్రవడ్డీ 19,672)

తేడా 2,672. మొదటి రెండు మూడేళ్లలో ఇది కంటికి ఆనదు. మధ్యలో తీసేస్తే ఈ తేడాలో ఎక్కువ భాగం మీకు రాదు, ఎందుకంటే అది పుట్టేదే చివరి ఏళ్లలో.

మన బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు సాధారణంగా మూడు నెలలకోసారి వడ్డీని అసల్లో కలుపుతాయి. అప్పుడు లెక్క ఇది:

```
A = P(1 + r/n)^(nt)
P = 10000, r = 0.07, n = 4, t = 10
A = 20016
```

రెట్టింపయింది, నిజమే. కానీ పదేళ్లు పట్టింది. ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగాయనుకుంటే, ఇవాళ పది వేలకు వచ్చే సరుకు అప్పటికి 16,289 అవుతుంది. అంటే చేతికొచ్చే 20,016తో కొనగలిగేది ఇవాళ సుమారు 12,288తో కొనగలిగినంత. ఆదాయపన్ను పరిధిలో ఉన్నవాళ్లకు వడ్డీ మీద పన్ను కూడా పోతుంది, వాళ్లకు ఇంకా తగ్గుతుంది. రెట్టింపు అని చెప్పి ఇక్కడే ఆపేస్తే అది సగం మాటే.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లకు ఈ లెక్క ఇలాగే వర్తిస్తుందని అనుకోకండి. "12 శాతం చొప్పున ఇరవై ఏళ్లు" అని చూపించే వీడియోలు ఏటా అదే రేటు వస్తుందన్నట్టు గీత గీస్తాయి. ఒక ఏడాది 20 శాతం పెరిగి, మరుసటి ఏడాది 20 శాతం పడితే సగటు సున్నా. మీ పది వేలు మాత్రం 12,000 అయి, అక్కడినుంచి 9,600కి దిగుతాయి. 400 పోయినట్టే.

(తెర మీద: నూటికి మూడు = ఏడాదికి 36 శాతం)

ఇప్పుడు అప్పు వైపు చూద్దాం, మన ఊళ్లలో చక్రవడ్డీ ఎక్కువ దెబ్బ కొట్టేది ఇక్కడే. రాయగడలోనో గుణుపురంలోనో నూటికి మూడు రూపాయల వడ్డీకి పది వేలు తెచ్చారనుకోండి. మూడేళ్లు కట్టకపోతే బారువడ్డీతో 20,800 బాకీ. అదే ఏడాదికోసారి నోటు తిరగరాసి, వడ్డీని అసల్లో కలిపేస్తే 25,155. నోటు తిరగరాసేటప్పుడు అసలు అని రాసిన చోట పది వేలే ఉందా, 13,600 ఉందా చూసుకోకుండా సంతకం పెట్టకండి. ఇలాంటి అప్పు ఉన్నవాళ్లు 7 శాతానికి డిపాజిట్ వేయడం కంటే ఆ పది వేలు అప్పుకే కట్టడం లాభం.

ఏడాదిలో రెట్టింపు అని ఎవరైనా అంటే నెలకు సుమారు 6 శాతం, అదీ చక్రవడ్డీతో, పన్నెండు నెలలూ తప్పకుండా ఇవ్వాలి. ఆ మాట మీద డబ్బు పెట్టకండి. అలా వసూలు చేస్తున్నవాళ్ల మీద రిజర్వ్ బ్యాంకు నడిపే sachet.rbi.org.in లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. బ్యాంకు మూతపడినా ఒక్కో మనిషికి ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది. ఊళ్లో తెలిసినవాళ్ల స్కీముకు ఆ బీమా లేదు.

ఇక డిపాజిట్ వేసే రోజు ఎక్కువమంది చేసే తప్పు. ఫారంలో వడ్డీ ఎలా కావాలన్న చోట "మూడు నెలలకోసారి ఖాతాలోకి" అని పడితే చక్రవడ్డీ ఉండదు. 175 రూపాయలు వచ్చి పొదుపు ఖాతాలో పడతాయి, అసలు పది వేలలాగే ఉండిపోతుంది. మధ్యమధ్యలో ఖర్చుకు వడ్డీ కావాల్సినవాళ్లకు అది సరే. పెరగాలనుకుంటే "క్యుములేటివ్" అని అడగాలి.

ఫారం ఒడియాలో ఉన్నా ఇంగ్లీషులో ఉన్నా రసీదు మీద అంకెలు చదవొచ్చు. గడువు తీరాక వచ్చే మొత్తం అని ఒక అంకె ఉంటుంది. పది వేలకు, 7 శాతానికి, పదేళ్లకు అది 20,016 దగ్గర ఉండాలి. అక్కడ 10,000 అని ఉంటే వడ్డీ బయటికి వచ్చే రకంలో వేసేశారన్నమాట. కౌంటర్ దగ్గరినుంచి కదలకముందే మార్పించుకోండి.